చెరకు వేళ్ల మీద తెల్లపూలు

పదిహేనేళ్లుగా చోడవరంలో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఏటా ఒక పీరియడ్ పరాన్నజీవి మొక్కలకు పోతుంది. బోర్డు మీద నిలువుగా ఒక కాండం గీస్తాను. దాని చుట్టూ పసుపు సుద్దముక్కతో బంగారు తీగ చుట్టేస్తాను. తీగ ఆనుకున్న చోటల్లా చిన్న చిన్న మేకుల్లాంటివి కాండంలోకి దిగినట్టు గీసి, వాటి పక్కన ‘హాస్టోరియం’ అని రాసి, ‘నాలుగు మార్కుల ప్రశ్న, వదలకండి’ అంటాను. వేళ్లమీద బతికేవాటికి స్ట్రైగా ఉదాహరణ. దానికి బొమ్మ లేదు, ఒక లైను చాలు. ఈ రెండు మొక్కల్లో ఒక్కదాన్నీ నేను చేత్తో ముట్టుకుని ఎరగను. ఈ సంగతి ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో గానీ ఎవరూ అడగలేదు. మా పిల్లలకు మార్కులొస్తే చాలు.

మా అత్తవారి భూమి రావికమతం వైపు ఒక ఊళ్లో ఉంది. మూడెకరాల చెరకు. చూసేది మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. మా ఆయన ఆఫీసులో ఫైళ్లు చూస్తాడు, పొలం విషయంలో ‘అన్నయ్యకు తెలుసు’ అనడం తప్ప మరో మాట మాట్లాడడు. అన్నయ్యకు అన్నీ తెలుసు. వానెప్పుడొస్తుందో తెలుసు, ఏ మందు ఏ తెగులుకో తెలుసు, పక్కవాడు ఏం తప్పు చేస్తున్నాడో మరీ బాగా తెలుసు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టు మీద బండి ఆపి, దిగకుండానే పొలం చూసే రైతు ఆయన. బురద ఆయన చెప్పులకు అంటడం నేను చూడలేదు.

మా పొలాన్ని ఆనుకుని అరెకరం ముక్క ఒకటుంది. అది ఒక క్రైస్తవ కుటుంబానిది. భర్త తాపీ పనికి పోతే సేద్యమంతా ఆవిడే చేసుకుంటుంది. నాకంటే ఓ పదేళ్లు పెద్ద. మావైపు అక్కను పిలిచినట్టు నేను ‘అప్పా’ అంటాను, ఆవిడ నన్ను ‘టీచరమ్మా’ అంటుంది. సగంలో చెరకు, సగంలో వంగ, బెండ. మా మావగారి కాలం నుంచీ మా బోరు నీరు వారానికి రెండు పూటలు ఆవిడ మడికి వదలడం ఒప్పందం. దానికి బదులు మా చెరకు జడచుట్టే రోజుల్లో, అంటే గడలు పడిపోకుండా ఆకులతో కలిపి కట్టే రోజుల్లో, ఆవిడ వచ్చి పని చేసిపెట్టేది. కాగితం లేదు, ఎవరూ కాగితం అడగలేదు.

ఆ ఏడు ఆషాఢంలో మా చెరకు మధ్యన పచ్చబారింది. పచ్చబారడం అంటే ఆకుపచ్చ కాదు, కామెర్లొచ్చిన కంటిలాగ. ఆకులు మధ్యాహ్నానికల్లా చుట్టలు చుట్టుకుపోతున్నాయి. కణుపులు దగ్గరదగ్గరగా కురచబడ్డాయి. బావగారు బండి మీదనుంచే చూసి తేల్చేశారు.

“నీరు చాల్లేదు. ఎక్కడికెళ్తంది మన నీరు? పక్క మడిలోకి. ఆవిడ రెండు పూటలని చెప్పి నాలుగు పూటలు లాగేస్తంది.”

అంతే. మర్నాడు ఆవిడ మడికి పోయే పైపును తీయించేశారు. మా చెరకుకు మాత్రం రోజూ నీరు పెట్టించారు. ఊళ్లో నలుగురి ముందూ ఆవిణ్ణి ‘నీళ్లదొంగ’ అన్నారని నాకు తరువాత తెలిసింది. ఆవిడ తిరిగి ఒక్క మాట అనలేదట. అనలేదంటే మెత్తని మనిషని కాదు. అవసరం లేని మనిషితో మాట వేస్టని ఆవిడ లెక్క.

రెండు వారాలు నీరు పెట్టినా చెరకు తేరుకోలేదు సరికదా, పసుపు ఇంకా పాకింది. అప్పుడు బావగారు చోడవరంలో తాను ఎప్పుడూ వెళ్లే మందుల కొట్టుకు వెళ్లారు. ఆ కొట్టాయన గొప్పతనం ఏమిటంటే, రైతు నోరు తెరవకముందే సీసా దింపుతాడు. ఆకు పచ్చబడిందా, ఇదిగో. పచ్చబడలేదా, అయితే ఇదిగో. ఆ రోజు రెండు సీసాలు దించాడట. ఒకటి ‘టానిక్’, ఇంకోటి వేరు పురుగుకు. మొక్క తెచ్చి చూపించమని అడగలేదు. అడిగితే నష్టం కదా, ఏమో, ఆ మొక్క చూసి నిజం తెలిసిపోతే!

సీసాలు ఖాళీ అయ్యాయి. చెరకు అలాగే ఉంది.

ఆ ఆదివారం మా ఆయన్ని బండి తీయమని నేనే పొలానికి వెళ్లాను. వెళ్లింది వ్యవసాయం మీద ప్రేమతో కాదు. తోటికోడలు ఫోన్లో “మీ చదువులో ఇలాటివుండవేటి?” అని ఎత్తిపొడిచింది. ఆ పౌరుషంతో వెళ్లాను. చెరకు సాళ్లలో దిగి మట్టి పిసికి చూశాను. తడి ముద్ద. చేతికి అంటుకుంటోంది. ఆ తడిలో నిలబడి ఆకులు దాహంతో చుట్టుకుపోతున్నాయి. నీరు లేక కాదు, నీరు అందక. ఆ తేడా నాకు అప్పుడే తట్టాలి. తట్టలేదు. పుస్తకంలో అయితే తట్టేది.

గట్టు అవతల అప్ప బెండకాయలు కోస్తోంది. నేను సాళ్లలో వెర్రిదానిలా నిలబడి ఉండటం చూసి తనే పిలిచింది.

“టీచరమ్మా, పైకేటి సూస్తావు? కిందకి సూడు. మొదలు కాడ.”

చూశాను. చెరకు దుబ్బుల చుట్టూ జానెడేసి ఎత్తున సన్నటి మొక్కలు. గరుకు ఆకులు, సన్నగా పొడుగ్గా. కొసల్లో గోరంత తెల్లపూలు. ముద్దుగానే ఉన్నాయి. ఒక దుబ్బు చుట్టూ పదీ పదిహేనూ. ఆ దుబ్బులే అన్నిటికంటే ఎక్కువ పసుపు.

“ఇవేటప్పా?”

“మల్లంటాం మావైపు. మల్లెపువ్వు కాదు, మల్లె కలుపు. మా అమ్మోళ్లూర్లో జొన్న సేలో పడతాది. పడిందంటే జొన్నకి కంకి రాదు. ఇది పైనున్నన్నాళ్లు కాదమ్మా తినీది. మట్టిలో ఉన్నప్పుడే తినీసి, ఆనక తల బైటెడతాది.”

“మరి మా బావగారికి చెప్పలేదేం?”

ఆవిడ బెండకాయ కాడ విరిచి బుట్టలో పడేసింది. “దొంగ సెప్తే ఇంటాడేటి?”

నాకు మొహం చెల్లలేదు. ఆవిడ దగ్గర పార తీసుకున్నాను. ఒక దుబ్బును మట్టిగడ్డతో సహా పెళ్లగించి, ఆవిడ నీళ్ల తొట్టిలో నానబెట్టాను. గబగబా కడిగితే ఆ అతుకు తెగిపోతుందని మాత్రం ఎక్కడో చదివిన గుర్తు. మట్టి దానంతటదే కరిగేదాకా ఆగి, మెల్లిగా వేళ్లను నీళ్లలో ఆడించాను. చెరకు వేరు పట్టుకుని పోతే ఒక చోట ఆవగింజంత బుడిపె తగిలింది. ఆ బుడిపె నుంచి తెల్లటి కాడ పైకి పోయి, మట్టి మట్టం దాటాక ఆకుపచ్చగా మారి, పువ్వు పూసింది. ఇంకొంచెం పక్కన ఇంకో బుడిపె, దాని మీద ఇంకా పైకి రాని తెల్లటి మొలక. పొలుసుల్లాంటి ఆకులతో, గుడ్డి పురుగులాగ. ఒక్క దుబ్బు వేళ్లలో అలాంటివి ఎన్నో ఉన్నాయి.

పదిహేనేళ్లు ఆ ఒక్క లైను చెప్పాను. ‘స్ట్రైగా పాక్షిక వేరు పరాన్నజీవి.’ పాక్షికం ఎందుకంటే దానికి పచ్చటి ఆకులున్నాయి, కొంత తిండి తయారు చేసుకోగలదు. కానీ నీరు, లవణాలు చెరకు వేరు నుంచి లాక్కోవాల్సిందే. దాని గింజ దుమ్ములాంటిది. మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. తనకు పనికొచ్చే మొక్క వేరు దగ్గరికొచ్చి, ఆ వేరు వదిలే రసాయనం తగిలితే గానీ మొలవదు. మొలిచాక కొద్ది రోజుల్లో వేరు దొరకకపోతే చస్తుంది. దొరికితే ఆ బుడిపెను మేకులాగా దించి లోపలి నీటి గొట్టాలకు తన గొట్టాలు కలుపుకుంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి చెరకు తోటలో నిలబడి మట్టి పిసుక్కున్నాను. నా చదువు మీద నాకు ఆ రోజు కలిగినంత ఏవగింపు ఎప్పుడూ కలగలేదు.

ఆ దుబ్బును అలాగే తడిగుడ్డలో చుట్టి బావగారింటికి తీసుకెళ్లాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. ముందు బల్ల మీద పెట్టి చూపించాను.

“ఇది గడ్డి కదమ్మా,” అన్నారు.

“గడ్డి కాదు బావగారూ. ఇదిగో, ఇక్కడ చూడండి, చెరకు వేరుకే అతుక్కుని ఉంది. నీళ్లన్నీ ఇది లాక్కుంటోంది. అప్ప మడికి పోయే నీరు కాదు.”

ఆయన వంగి చూడలేదు. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. “పూలు బాగున్నాయి. నువ్వు పాఠం చెప్పుకోడానికి తీసుకెళ్లు. సేద్యం మేం సూసుకుంటాం.”

మా ఆయన పక్కనే నిలబడి గోడ మీద కేలెండరు చూశాడు. అది ఆయనకు ఎప్పుడూ ఆసక్తిగా ఉండే వస్తువు, అన్నగారి ఎదుట.

కానీ వారం తిరక్కుండా బావగారే ఫోన్ చేశారు. చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫీల్డుమన్ ఆ మొక్కల్ని చూసి ‘స్ట్రైగా’ అన్నాడట. ఇంగ్లీషు పేరు రాగానే మొక్కకు విలువ వచ్చేసింది. “ఆ స్ట్రైగాకి మందేటమ్మా?” అన్నారు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు, నేనేదో మొదటిసారి వింటున్నట్టు.

ఇక్కడ నా పాపం మొదలైంది. నాకూ కాస్త గొప్ప వచ్చేసింది. పుస్తకం తీసి చదివి చెప్పాను. పువ్వు పూయకముందు 2,4-డి మందు నీళ్లలో కలిపి మొక్కల మీదనే పడేలా కొడితే చస్తుంది, చెరకు గడ్డిజాతి కాబట్టి తట్టుకుంటుంది అన్నాను. అది నిజమే. గాలి లేనప్పుడు, నాజిల్ కిందకి వంచి, పక్కన వెడల్పాకుల పంట లేకుండా చూసి కొట్టాలని కూడా అదే పేజీలో ఉంది. ఆ వాక్యం ఫోన్లో చెప్పానా? ‘జాగ్రత్తగా కొట్టించండి’ అన్నాను. జాగ్రత్త అనే మాటలో అన్నీ ఉన్నాయనుకున్నాను. పిల్లలు పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తాను.

బావగారు కొట్టుకెళ్లారు. కొట్టాయన చక్కగా మందు ఇచ్చాడు, ‘డోసు కాస్త పెంచండి, గట్టిది’ అని సలహా కూడా ఇచ్చాడు. పడమటి గాలి రివ్వున వీస్తున్న మధ్యాహ్నం పూట కొట్టించారు. మల్లె మొక్కలు మెలికలు తిరిగి ఎండాయి. బావగారు ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టారు. వాళ్ల ఇంటివాళ్లందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

నాలుగు రోజుల తరువాత అప్ప ఫోన్ చేసింది. ఆవిడ నాకు అంతకు ముందెప్పుడూ ఫోన్ చేయలేదు.

“టీచరమ్మా, నా వంగ సూద్దువు రా.”

వంగ ఆకులు దొప్పల్లాగ మడుచుకుపోయాయి. కొసలు తాళ్లలాగ మెలితిరిగాయి. పూత రాలింది. బెండ ఆకులు చీలికలై సన్నగా వేళ్లలా మారాయి. మందు గాలికి వచ్చి పడింది. మా మల్లెను చంపిన మందు వెడల్పాకుల మొక్కను దేన్నీ వదలదు. నీళ్లు ఆపేసిన మడి అది. బిందెలతో మోసి బతికించుకున్న వంగ.

“నేనే చెప్పానప్పా ఆ మందు,” అన్నాను. అబద్ధం ఆడడానికి ధైర్యం చాల్లేదు, అంతే. గొప్ప నిజాయితీ ఏమీ కాదు.

ఆవిడ మెలితిరిగిన వంగ కొస ఒకటి తుంపి పడేసింది. తరువాత “సెప్తే సెప్పేవు. గాలి ఎటున్నాదో సూసుకోడానికి సదువక్కర్నేదు గదమ్మా,” అంది.

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. అక్కడి నుంచి నేరుగా బావగారింటికి వెళ్లాను. ఈసారి మా ఆయన్ని తీసుకెళ్లలేదు, కేలెండరు చూడడానికి ఒక మనిషి అక్కర్లేదు కదా.

“పైపు ఇవాళే పెట్టించండి,” అన్నాను.

“ఏ పైపు?”

“మీరు తీయించిన పైపు. ఆవిడ నీరు దొంగిలించలేదు. మీ చెరకు నీళ్లు తాగింది మల్లె. ఇప్పుడు ఆవిడ వంగ కూడా పోయింది మన మందుకు. భూమిలో మా ఆయన వాటా ఉంది. ఆ వాటా నీరు ఆవిడకి వదిలేస్తున్నాం. మీకు కష్టమైతే మా వాటా వేరు చేసేయండి.”

వాటా మాట వినగానే బావగారికి కళ్లజోడు కనపడింది. పెట్టుకున్నారు. నన్ను చూశారు. “ఇంత సిన్నదానికి అంత మాటెందుకమ్మా. నేను తాత్కాలికంగా తీసేను. బాగుచేద్దారని,” అన్నారు. సాయంత్రానికి పైపు వచ్చింది. క్షమాపణ రాలేదు. ఆ సరుకు ఆ ఇంట్లో ఎప్పుడూ నిల్వ ఉండదు.

తరువాతి ఆదివారాల్లో నేను పొలానికి వెళ్లడం మొదలుపెట్టాను. చర్చి నుంచి వచ్చాక అప్పా, నేనూ, ఇద్దరు కూలి ఆడవాళ్లూ మా చెరకులో మిగిలిన మల్లెను చేత్తో పీకేవాళ్లం. చర్చి చీర మార్చి పాత చీర కట్టుకుని ఆవిడ వచ్చేది. పిలిచింది నేనే. ఆవిడ రాకపోయినా నేను అడగ్గలిగేదాన్ని కాదు. పూత రాకముందే పీకాలి. పువ్వు కాయైందంటే ఒక్క మొక్క వేలకొద్దీ దుమ్ము గింజలు వదుల్తుంది. పీకింది గట్టు మీద పడేయకూడదు. పీకేసిన మొక్క కూడా ఉన్న తేమతో కాయ పండించేసుకుంటుంది. సంచిలో వేసి, ఎండాక కాల్చాలి. వారం తిరిగేసరికి మళ్లీ మొలకలు. మట్టి కింద ఇంకా వస్తూనే ఉన్నాయి.

“ఎక్కడి నుంచొచ్చిందప్పా ఇది? మీ మడిలో లేదు కదా.”

“నేదా? ఏడాదికి ఓ పదో, పాతికో మొలుస్తాయి. మొలిసినయి మొలిసినట్టు పీకెత్తన్నాను. నా మడికి నా గొడ్ల పెంటే ఏస్తాను, బాగా ముగ్గినాక. బలమున్న నేలలో అంత పట్టదు. మీ బావగోరు కిందటేడు లారీతో తెప్పించేరు గదా పెంట, ఏజెన్సీ వైపు నుంచి. ఆ పశువులు ఏటి తిన్నాయో! జొన్న సొప్పలో ఇదుంటే పశువు కడుపులోంచి కూడా సావకుండా వస్తాదంటారు.”

అక్కడి నుంచే వచ్చిందని నేను నిరూపించలేను. అద్దె ట్రాక్టరు నాగళ్లకు అంటుకుని వచ్చినా రావచ్చు. కానీ బావగారి ఎరువు పడిన సాళ్లలోనే ముందు మొలిచిందన్నది మాత్రం నిజం. ఆయనకు చెప్పాను. ‘పెంట ఎరువుకు రోగాలుంటాయా’ అని నవ్వారు.

చెరకు నరికాక దిగుబడి చూసి నవ్వు ఆగింది. ఇక కార్శి ఉంచితే, అంటే నరికిన మోళ్లనుంచే మళ్లీ పెంచితే, అదే వేళ్ల మీద మల్లె మరింత పండుగ చేసుకుంటుంది. మోళ్లు తవ్వించేయమని నేనన్నాను, ఫ్యాక్టరీ ఫీల్డుమన్ కూడా అదే అన్నాడు కాబట్టి బావగారు ఒప్పుకున్నారు. రెండు మూడు పంటలు వేరుశనగో, పెసరో వేద్దామన్నాను. ఆ మొక్కల వేళ్లు కూడా మల్లె గింజను నిద్రలేపుతాయి. గింజ మొలుస్తుంది, వేరు కోసం వెతుకుతుంది, కానీ ఆ వేరు దానికి లొంగదు. తిండి లేక అక్కడే చస్తుంది. నేలలోని గింజలు అలా తగ్గుతాయి.

వేరుశనగ ఒక పంట బాగానే వచ్చింది. తరువాత పెసలు. విత్తనం ఎక్కడ కొన్నారని నేను అడగలేదు, అది నా రెండో తప్పు. సంచుల విత్తనం ఎందుకని బావగారు మాడుగుల వైపు ఒక రైతు దగ్గర విడి పెసలు తెచ్చారు. మంచి మెరుపున్న గింజ. అప్ప కూడా అందులోనే ఓ నాలుగు కుంచాలు పుచ్చుకుంది. ఆవిడ మాత్రం ఇంటికి తీసుకెళ్లి చిన్న కన్నుల జల్లెడలో ఆడించింది. కింద పడిన చెత్తలో గసగసాల కంటే కాస్త పెద్దవి, గోధుమరంగు గింజలు కొన్ని కనపడితే పొయ్యిలో పోసేసిందట. బావగారికీ చెప్పింది.

“మీరూ జల్లించండి బాబూ. సిన్న గింజలున్నాయి.”

“పెసలు జల్లించుకుంటూ కూర్చుంటానేటి? నువ్వు కూర్చో,” అన్నారట ఆయన.

మూడో వారానికి మా పెసర చేలో పసుపు దారపు ఉండలు. బంగారు తీగ. బోర్డు మీద నేను గీసేదానికంటే చాలా అందంగా ఉంది, నిజానికి. ఆకు లేదు, వేరు లేదు. ఒక పెసర మొక్క కాడను పట్టుకుని రెండు చుట్లు చుట్టి, కొస గాల్లోకి సాచి, పక్క మొక్కను అందుకుంటోంది. చుట్టిన చోట తీగను జాగ్రత్తగా విప్పి చూశాను. లోపలి వైపు వరసగా చిన్న గుబ్బలు, ఒక్కొక్కటీ పెసర కాండంలో దిగింది. లాగితే కాండం చర్మం ఊడి వచ్చింది. నేల వైపు దాని మొదలు ఎండి తెగిపోయింది. నేలతో దానికింక పని లేదు.

మల్లెలాగ ఇది ఎవరో పిలిస్తే మొలవదు. దానంతటదే మొలుస్తుంది. కానీ మొలిచిన వారం పది రోజుల్లో ఏదో ఒక కాండాన్ని పట్టుకోకపోతే దాని కథ అంతే. మా చేలో మాత్రం ఎటు ఊగినా పెసరే.

బావగారు ఈసారి గట్టు దిగారు. చెప్పులకు బురద అంటింది. గుప్పెళ్లతో తీగను పీకి పీకి, గట్టు మీదున్న పిచ్చి మొక్కల మీద పడేశారు. “ఎండిపోద్ది,” అన్నారు. నేను వద్దంటున్నా వినలేదు. పది రోజుల తరువాత చూస్తే గట్టు మీద మొక్కలన్నీ బంగారు రంగు. తెగిన ముక్క కూడా పచ్చటి కాండం తగిలితే కొత్త మేకులు దించుకుంటుంది. ఆయన శ్రమపడి దాన్ని నాటారు. ఆయన చేత్తో చేసిన మొదటి సేద్యం అదేనేమో.

“ఇప్పుడేటి సేస్తారు?” అంది అప్ప. ఎగతాళి చేయలేదు. ఆవిడ చేలో ఒక్క తీగ లేదు, ఎగతాళి చేసే హక్కంతా ఆవిడదే.

పెసర మొక్కల్ని కూడా వదులుకోవాలి. తీగను మాత్రమే విప్పితే లోపల మిగిలిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. తీగ పట్టిన చోటల్లా, దాని చుట్టూ ఒక మూర అదనంగా, పెసర మొక్కల్ని తీగతో సహా పీకి అక్కడే గుట్ట వేసి కాల్చాం. గట్టు మీద మొక్కల్ని కూడా నరికి కాల్చాం. తీగ ఇంకా పూత పట్టలేదు, అదొక్కటే అదృష్టం. చేనులో మూడో వంతు బూడిదైంది. బావగారు గట్టు పక్క రాయి మీద కూర్చుని చూశారు. పాపం అనిపించాలి. అనిపించలేదు. నాకు గుర్తొచ్చింది ఆ జల్లెడ.

మరుసటి ఏడు ఆ చేలో చెరకు. గడ్డిజాతి మీద బంగారు తీగకు పట్టు దొరకదు. అందుకు ఆ పంట మంచిదే. కానీ చెరకు వచ్చేసరికి కింద మిగిలిన మల్లె గింజలకు మళ్లీ పిలుపు. ఈసారి నాటగానే మొలక రాకముందు కొట్టాల్సిన మందు కొట్టించాం. నత్రజని ఎరువు వేళకు వేశాం. మల్లె వచ్చింది. ముందు లాగా కాదు, దుబ్బుకు పదిహేను ఉన్నవి ఒకటో రెండో. మాయం అయిపోతుందని నేనెవరికీ చెప్పను. అది నేలలో ఎన్నేళ్లు ఉంటుందో నా కంటే దానికే బాగా తెలుసు. కనపడ్డ ప్రతి మొక్కనూ పూతకు ముందు పీకడం, అదే పని.

కిందటి నెల ఊళ్లో రైతు కేంద్రంలో చిన్న మీటింగ్ పెట్టారు. పరాన్నజీవి కలుపు మీద అనుభవం ఉన్న రైతు అని బావగారిని మాట్లాడమన్నారు. ఆయన నిలబడి మైకు పుచ్చుకుని మొదలుపెట్టారు. విత్తనం జల్లించుకోవాలన్నారు. పెంట ముగ్గినాక వేయాలన్నారు. మందు గాలి చూసి కొట్టాలన్నారు. పీకింది కాల్చాలన్నారు. ప్రతి మాటా నిజమే. ఒక్కటీ ఆయనది కాదు. జనం తలలూపారు. మా ఆయన చప్పట్లు కొట్టాడు.

అప్ప ఆడవాళ్ల వరసలో కూర్చుని ఉంది. నేను కోపం పట్టలేక ఆవిడ చెవిలో “లేచి చెప్పప్పా, నువ్వు చెప్పావని,” అన్నాను.

“ఎందుకమ్మా. ఆయన నోటితో సెప్తే ఈళ్లు ఇంటన్నారు. నా నోటితో సెప్తే ఇనరు,” అంది. తరువాత చీర కొంగు దులుపుకుని లేచింది. “మల్లె మొన్నటి వానకి మొలిసుంటాది. ఎలదామా?”

మీటింగ్ సగంలో వదిలేసి ఇద్దరం చేలోకి వెళ్లాం. ఆవిడ అన్నట్టే కొత్త మొలకలు, ఇంకా పువ్వు లేదు. నేను సంచి పట్టుకున్నాను. ఆవిడ ముందు సాలులో వంగింది.